హెడ్‌సెట్‌లో సౌండ్ వస్తోంది, మైక్ మాత్రం కంప్యూటర్‌కి వినపడట్లేదు

ప్రశ్న: అన్నా, ఒకటే పిన్ ఉన్న హెడ్‌సెట్ కొన్నా. డెస్క్‌టాప్‌లో గ్రీన్ హోల్‌లో పెడితే సౌండ్ మంచిగా వస్తోంది కానీ మైక్ అస్సలు పనిచెయ్యట్లేదు, పింక్ హోల్‌లో పెడితే సౌండ్ పోతోంది, నా మాట ఎక్కడో నూతిలోంచి వచ్చినట్టు వస్తోందంట. ఫోన్‌లో పెడితే మాత్రం కాల్స్ అన్నీ ఓకే. విండోస్ 11. డ్రైవర్ కూడా తీసేసి మళ్ళీ వేశా. సోమవారం ఆన్‌లైన్ ఇంటర్వ్యూ ఉంది, పీస్ ఖరాబైందా, మార్చుకోవాలా?

సమాధానం:

తమ్ముడూ, పీస్ ఖరాబవ్వలేదు, షాపుకి తీసుకెళ్ళి లొల్లి పెట్టుకోకు. డ్రైవర్ జోలికి కూడా ఇంక వెళ్ళకు. ఫోన్‌లో కాల్స్ ఓకే అని నువ్వే రాశావు కదా, ఆ ఒక్క ముక్కతోటే మైకు, వైరు, మ్యూట్ స్విచ్చు అన్నీ బాగానే ఉన్నాయని తేలిపోయింది. నీ హెడ్‌సెట్ పిన్నుకీ నీ కంప్యూటర్ హోల్‌కీ జత కుదరట్లేదు, అంతే సంగతి. నేను గచ్చిబౌలిలో ఒక కాల్ సెంటర్ ఫ్లోర్‌కి సిస్టమ్స్ చూసుకుంటా, మా దగ్గరికి వచ్చే మైక్ కంప్లైంట్లలో దీన్ని చూసినన్ని సార్లు ఇంకోటి చూడలేదు, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నా, ఓపిగ్గా చదువు.

ముందు పిన్ను చేతిలోకి తీసుకుని వెలుతుర్లో చూడు. బంగారం రంగో వెండి రంగో లోహం మీద సన్నగా నల్ల గీతలు ఉంటాయి (కొన్నిటికి తెల్లగా కూడా ఉంటాయి). ఆ గీతలు లెక్కపెట్టు. రెండు గీతలుంటే లోహం మూడు ముక్కలుగా విడిపోయింది, దాన్ని టీఆర్ఎస్ అంటారు, మూడు గీతలుంటే నాలుగు ముక్కలు, అది టీఆర్ఆర్ఎస్. నీది ఖచ్చితంగా మూడు గీతలదే అయ్యుంటుంది, ఎందుకంటే ఒకే పిన్నులో స్టీరియో సౌండూ మైకూ రెండూ పోవాలంటే నాలుగు ముక్కలు కావాల్సిందే. కొస ముక్క ఎడమ చెవి, దాని కింద ముక్క కుడి చెవి, మూడోది గ్రౌండ్, అన్నిటికంటే వెనకాల ప్లాస్టిక్‌ని ఆనుకుని ఉన్న నాలుగోది మైక్. ఇప్పుడు ఫోన్లూ లాప్‌టాప్‌లూ దాదాపు అన్నీ ఈ వరసే వాడతాయి, దీన్ని సీటీఐఏ అంటారు. పాతకాలం ఫోన్లు కొన్నిటిలో చివరి రెండూ ఉల్టాగా ఉండేవి, దానికి ఓఎంటీపీ అని పేరు, ఇప్పుడు కొత్తగా కొన్నవాటిలో అది తగలడం అరుదు కాబట్టి దాన్ని పక్కన పెట్టేద్దాం.

ఇక నీ డెస్క్‌టాప్ వెనకాల ఉన్న గ్రీన్ హోల్ సంగతి. దాని లోపల మూడు కాంటాక్టులే ఉంటాయి, ఎడమ, కుడి, గ్రౌండ్. మైక్ కోసం నాలుగో కాంటాక్టే లేదు. నువ్వు నాలుగు ముక్కల పిన్ను దూర్చినప్పుడు హోల్ మూతి దగ్గర ఉన్న గ్రౌండ్ కాంటాక్టు నీ పిన్ను వెనక ముక్కకి, అంటే మైక్ ముక్కకి ఆనుకుంటుంది, చాలా హోల్స్‌లో పక్కన ఉన్న గ్రౌండ్ ముక్కకి కూడా కలిపి తగులుతుంది. అలా తగిలినప్పుడు సౌండ్ చక్కగా వస్తుంది, మైక్ మాత్రం గ్రౌండ్‌తో కలిసిపోయి చచ్చిపోతుంది. విండోస్‌లో నువ్వు ఏ సెట్టింగ్ మార్చినా, ఏ డ్రైవర్ వేసినా అక్కడ మైక్ వైరు వెళ్ళి కలిసే చోటే లేదు కాబట్టి ఏమీ అవ్వదు. సౌండ్ వస్తోంది కాబట్టి కనెక్షన్ బాగానే ఉంది అనుకోవడం దగ్గరే అందరూ దెబ్బతింటారు.

కొంతమందికి ఇదే గొడవ ఇంకో వేషంలో వస్తుంది. పాట పెడితే మ్యూజిక్ వస్తుంది, పాడేవాళ్ళ గొంతు మాత్రం మాయమైపోతుంది, కరావోకే ట్రాక్ పెట్టినట్టు. వైరు మీద ఉన్న బటన్ నొక్కి పట్టుకుంటే గొంతు వచ్చేస్తుంది, వదిలితే పోతుంది. మా ఆఫీసులో ఒకబ్బాయి దీన్ని చూసి సౌండ్ కార్డే పోయిందని టికెట్ పెట్టాడు. అక్కడ జరిగేది ఏంటంటే హోల్‌లోని గ్రౌండ్ కాంటాక్టు మైక్ ముక్కకి మాత్రమే తగిలి అసలు గ్రౌండ్ ముక్కకి తగలట్లేదు, దాంతో రెండు చెవుల స్పీకర్లూ ఒకదాని వెనక ఒకటి కలిసిపోయి రెంటిలో సమానంగా ఉన్నదంతా కొట్టుకుపోతుంది, పాటల్లో గొంతు సాధారణంగా రెండు వైపులా సమానంగానే ఉంటుంది కదా, అదే పోతుంది. బటన్ నొక్కితే మైక్ వైరు గ్రౌండ్‌కి కలుస్తుంది, గ్రౌండ్ దొరికింది కాబట్టి గొంతు తిరిగొస్తుంది. ఇలాంటి లక్షణం కనిపిస్తే పిన్ను జత కుదరలేదని ఇంకేం చూడకుండానే చెప్పెయ్యొచ్చు, లేదా పిన్ను పూర్తిగా లోపలికి పోలేదని.

మరి పింక్ హోల్‌లో నూతిలోంచి వచ్చినట్టు ఎందుకు వచ్చింది? ఇది నాకు భలే ఇష్టమైన విషయం. పింక్ హోల్ మైక్ సిగ్నల్‌ని పిన్ను కొస నుంచి తీసుకుంటుంది. నీ పిన్ను కొసలో ఉన్నది మైక్ కాదు, ఎడమ చెవి స్పీకర్. స్పీకర్ ముందు మాట్లాడితే దాని పొర కొంచెం ఊగుతుంది, వెనకాల ఉన్న కాయిల్‌లో చిన్న కరెంటు పుడుతుంది, అంటే స్పీకరే ఉల్టా పనిచేసి నాసిరకం మైక్ అయిపోయింది. నమ్మకం కుదరకపోతే పింక్‌లోనే పెట్టి ఎడమ చెవి కప్పు మీద గోటితో తట్టి చూడు, కింద చెప్పే సౌండ్ విండోలో మైక్ పక్కన ఉండే లెవెల్ బార్ కదుల్తుంది, అసలు మైక్ కడ్డీ మీద ఎంత కొట్టినా కదలదు. చాలామంది ఇక్కడ మైక్ పనిచేస్తోంది కానీ వాల్యూమ్ తక్కువ అనుకుని, Levels లోకి వెళ్ళి Microphone Boost ని 30 డీబీ దాకా లాగేస్తారు, దాంతో ఫ్యాన్ మోత, స్‌స్‌స్ అని శబ్దం తప్ప ఏం పెరగదు. నువ్వు కూడా పెంచి ఉంటే వెనక్కి సున్నాకి పెట్టెయ్యి, రేపు అసలు మైక్ కలిశాక గొంతు పగిలిపోయినట్టు వస్తుంది లేకపోతే.

నీకు కావాల్సింది చిన్న స్ప్లిటర్ వైరు. ఒక చివర ఆడ హోల్ ఒకటి, అందులోకి నీ హెడ్‌సెట్ పిన్ను పోతుంది, రెండో చివర రెండు మగ పిన్నులు, ఒక దాని మీద హెడ్‌ఫోన్ బొమ్మ, ఇంకోదాని మీద మైక్ బొమ్మ (లేదా గ్రీన్, పింక్ రంగులు). ఆ రెండు పిన్నుల మీదా నల్ల గీతలు రెండేసి ఉండాలి. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కంప్యూటర్ సామాన్లు అమ్మే ఏ చిన్న కొట్లోనైనా దొరుకుతుంది, కోఠి గుజరాతీ గల్లీలో ఇంకా తేలిగ్గా దొరుకుతుంది, ఖరీదు పెద్దగా ఏం ఉండదు. కాకపోతే అడిగేటప్పుడు జాగ్రత్త. "ఆడియో స్ప్లిటర్ ఇవ్వండి" అంటే కౌంటర్‌లో కుర్రాడు చెయ్యికి అందింది తీసిస్తాడు, అది చాలాసార్లు ఒక మగ పిన్ను, రెండు ఆడ హోల్స్ ఉన్నది అవుతుంది. అందులో కూడా రెండు రకాలు. మగ పిన్నుకి రెండు గీతలుంటే అది ఇద్దరు కలిసి ఒకే ఫోన్‌లో పాటలు వినడానికి, మూడు గీతలుంటే రెండు పిన్నుల హెడ్‌సెట్‌ని లాప్‌టాప్‌కి కలపడానికి. నీకు రెండూ పనికిరావు. హెడ్‌సెట్‌ని జేబులో వేసుకుని వెళ్ళి, దీన్ని డెస్క్‌టాప్‌లో గ్రీన్‌కీ పింక్‌కీ కలపాలి అని చూపించి అడుగు, గీతలు అక్కడే లెక్కపెట్టుకో.

అంత దూరం పోవడం కుదరకపోతే ఇంకో దారి, యూఎస్‌బీ సౌండ్ కార్డ్. చేతి వేలంత సైజులో ఉంటుంది, యూఎస్‌బీలో పెడితే విండోస్ దానంతట అదే గుర్తుపడుతుంది. దానిలో కూడా గ్రీన్, పింక్ అని రెండు హోల్స్ ఉన్నది కొంటే మళ్ళీ మొదటికొస్తావు, ఒకటే హోల్ ఉండి పక్కన మైక్ ఉన్న హెడ్‌సెట్ బొమ్మ ఉన్నది అడుగు. నన్నడిగితే నీకు స్ప్లిటరే చాలు, యూఎస్‌బీ ఎప్పుడు కొనాలో కింద చెప్తా.

స్ప్లిటర్ వచ్చాక కేబినెట్ ముందు హోల్స్‌లో కాకుండా వెనకాల మదర్‌బోర్డ్ హోల్స్‌లో పెట్టు. అసెంబుల్డ్ డెస్క్‌టాప్ అయితే ముందు హోల్స్ నుంచి బోర్డుకి ఒక సన్న వైరు వెళ్ళాలి, బోర్డు మీద హెచ్‌డీ ఆడియో అనో ఎఫ్ ఆడియో అనో రాసున్న పిన్నుల మీద కూర్చోవాలి, అసెంబుల్ చేసినవాళ్ళు ఆ వైరు పెట్టడం మర్చిపోయిన కేబినెట్లు బోలెడు చూశాను. పెట్టాక రన్ బాక్స్ తెరిచి, అంటే విండోస్ బటన్ పట్టుకుని ఆర్ నొక్కి, ఇది టైప్ చెయ్యి:

```
mmsys.cpl
```

పాతకాలం సౌండ్ విండో వస్తుంది, అందులో Recording ట్యాబ్‌కి పో. విండోస్ 11 కొత్త సెట్టింగ్స్ పేజీ కంటే నాకు ఇదే ఇష్టం, ఎందుకంటే ఉన్న మైకులన్నీ ఒకే చోట, ఒక్కోదాని పక్కన లెవెల్ బార్‌తో సహా కనిపిస్తాయి. ఖాళీలో రైట్ క్లిక్ చేసి Show Disabled Devices, Show Disconnected Devices రెండిటికీ టిక్ పెట్టు. ఇప్పుడు పింక్ పిన్ను పీకి మళ్ళీ పెడుతూ ఆ లిస్టునే చూడు. పీకినప్పుడు బోర్డు మీది సౌండ్ చిప్ రియల్‌టెక్ పేరుతో ఉన్న మైక్ కింద Not plugged in అని బూడిద రంగులో ఉండి, పెట్టగానే మామూలు రంగులోకి వస్తే హోల్ లోపల పిన్ను వచ్చిందని చెప్పే చిన్న స్విచ్చు పనిచేస్తోందని అర్థం. మారకపోతే పిన్ను పూర్తిగా పోలేదు, లేదా తప్పు హోల్‌లో ఉంది, లేదా ముందు ప్యానెల్ అయితే ఆ వైరు లేదు. కొన్ని మెషీన్లలో పిన్ను పెట్టగానే ఏం పెట్టావని అడుగుతూ రియల్‌టెక్ పాపప్ వస్తుంది, అక్కడ తొందర్లో హెడ్‌ఫోన్ అని నొక్కేస్తే మైక్ లిస్టులోకే రాదు, ఒకటే పిన్ను లాప్‌టాప్‌లో పెట్టినప్పుడు హెడ్‌సెట్ అని ఎంచుకోవాలి, నీలాగా పింక్‌లో పెట్టినప్పుడు మైక్ అని.

లిస్టులో కనిపించి, బార్ మాత్రం కదలకపోతే అప్పుడు మ్యూట్‌లు చూడాలి. మ్యూట్ అనేది ఒక్క చోట ఉండదు, అదే తలనొప్పి. వైరు మీద జరిపే బుడిపె ఉంటుంది, జేబులోంచి తీసేటప్పుడే జరిగిపోతుంది. కొన్ని హెడ్‌సెట్లలో మైక్ కడ్డీని పైకి ఎత్తితే చాలు మ్యూట్ అయిపోతుంది, కిందకి దించితే ఆన్, చాలామందికి ఆ సంగతే తెలీదు. ఊడొచ్చే కడ్డీ అయితే టిక్ అని శబ్దం వచ్చేదాకా నొక్కాలి. తర్వాత విండోస్‌లో అదే లిస్టులో మైక్ మీద డబుల్ క్లిక్ చేస్తే వచ్చే Levels ట్యాబ్‌లో స్పీకర్ బొమ్మ మీద ఎర్ర గుర్తు ఉందేమో చూడు. లాప్‌టాప్‌లైతే కీబోర్డు మీద మైక్ బొమ్మ ఉన్న కీ ఒకటి ఉంటుంది, చిన్న లైటు వెలిగి ఉంటే మైక్ మూసేసినట్టు. ఇక వైరు మీది బుడిపె పాతబడితే లోపల కాంటాక్టు మురికి పట్టి, ఆన్ వైపు ఉన్నా ఆన్ అవ్వదు, అటూ ఇటూ పది పదిహేనుసార్లు గబగబా జరిపితే చాలాసార్లు దారికొస్తుంది, వచ్చి వారానికి మళ్ళీ పోతే మాత్రం ఆ స్విచ్చు పని ఖతం.

బార్ కదుల్తోంది కానీ మీటింగ్‌లో వినపడట్లేదంటే ఎంచుకున్న మైక్ వేరే. వెబ్‌క్యామ్‌లో ఒక మైక్ ఉంటుంది, ఎప్పుడో కలిపిన బ్లూటూత్ ఇయర్‌బడ్‌ది ఒకటి ఉంటుంది. పైగా విండోస్‌లో Default Device వేరు, Default Communication Device వేరు, పచ్చ టిక్ ఒకదాని మీద, పచ్చ ఫోన్ బొమ్మ ఇంకోదాని మీద ఉండొచ్చు, కాల్స్ చేసే యాప్‌లు కొన్ని రెండోదాన్ని పట్టుకుంటాయి. హెడ్‌సెట్ మైక్ మీద రైట్ క్లిక్ చేసి రెండూ దానికే పెట్టు. తర్వాత మీటింగ్ యాప్‌లో కూడా దాని సొంత సెట్టింగ్ ఉంటుంది, అక్కడ కూడా పేరు చూసి ఎంచుకో. ఏ మైక్ వింటోందో తేల్చుకోవడానికి మాట్లాడి చూడొద్దు, గదిలో మాట్లాడితే అన్ని మైకులూ వింటాయి. గోటితో ముందు హెడ్‌సెట్ మైక్ మీద గీకు, తర్వాత వెబ్‌క్యామ్ మీద గీకు, ఏది గీకినప్పుడు బార్ ఎగిరిందో అదే నడుస్తున్న మైక్. ఈ ఒక్క చిట్కాతో మా ఫ్లోర్ మీద సగం గొడవలు రెండు నిమిషాల్లో తేలిపోతాయి.

ఒకవేళ ఏ యాప్‌లోనూ మైక్ రాకపోతే Settings లో Privacy & security కింద Microphone తెరిచి Microphone access, దాని కింద Let apps access your microphone, ఇంకా కిందకి పోతే Let desktop apps access your microphone, మూడూ ఆన్‌లో ఉన్నాయేమో చూడు. ఈ మూడోది ఎక్కడో అడుగున ఉంటుంది, దాన్ని ఎవరూ చూడరు. బ్రౌజర్‌లో ఇంటర్వ్యూ అయితే అడ్రస్ పక్కన ఉన్న గుర్తు నొక్కి ఆ సైట్‌కి మైక్ ఒప్పుకున్నావో లేదో కూడా చూస్కో.

ఇంతవరకు నీ సంగతి. పిన్ను అరుగుదల గురించి కూడా రాస్తా, ఇప్పుడు కాకపోతే ఏడాదికి పనికొస్తుంది, వేరేవాళ్ళు చదివినా పనికొస్తుంది. నిజాంపేట నుంచి ఇంట్లోనే పనిచేసే ఒకమ్మాయి ఉంది మా టీమ్‌లో, లాప్‌టాప్, ఒకే హోల్, మూడు గీతల పిన్ను, అంటే జత బాగానే ఉంది. కాల్ మధ్యలో మైక్ పోతుంది, లాప్‌టాప్ సొంత మైక్‌కి మారిపోతుంది, ఇంట్లో కుక్కర్ విజిల్ కస్టమర్‌కి వినపడుతుంది, మళ్ళీ కాసేపటికి అదే వస్తుంది. అంతకుముందు డ్రైవర్ వేశారు, విండోస్ అప్‌డేట్ చేశారు. నేను అడిగింది ఒకటే, ఇదే హెడ్‌సెట్ ఫోన్‌లో పెడితే పాటలు వాటంతట అవే ఆగుతున్నాయా అని. ఆగుతున్నాయంది. అక్కడితో సగం దొరికింది, ఎందుకంటే వైరు మీది ప్లే బటన్ చేసే పని మైక్ వైరుని గ్రౌండ్‌కి కలపడమే, లోపల తెగిన మైక్ వైరు అప్పుడప్పుడు గ్రౌండ్‌కి తగిలితే ఫోన్ దాన్ని బటన్ నొక్కినట్టే అనుకుంటుంది. ఫోన్‌లో కూడా అదే తంతు అంటే లాప్‌టాప్ తప్పు కాదు.

అయినా పిన్నా, వైరా, హోలా అని తేల్చడానికి ఒక పద్ధతి ఉంది. మైక్ బార్ కళ్ళముందు పెట్టుకో, నోటి దగ్గర మైక్‌లో సన్నగా ఊదుతూ ఉండు. వైరుని కదలకుండా పట్టుకుని పిన్నుని మాత్రం హోల్‌లో మెల్లగా గుండ్రంగా తిప్పు. బార్ పడుతూ లేస్తూ ఉంటే కాంటాక్టు గొడవ, అంటే హోల్‌లోని స్ప్రింగులు వదులయ్యాయి లేదా మురికి. తర్వాత పిన్నుని కదలకుండా గట్టిగా పట్టుకుని, పిన్ను మెడ దగ్గర రబ్బరు అయిపోయే చోట వైరుని మాత్రం అటూ ఇటూ వంచు. అప్పుడు బార్ పడితే వైరు లోపల తెగింది. రెండూ ఒకేసారి కదిపితే ఏం తెలీదు, అందరూ చేసేది అదే, పిన్నూ వైరూ కలిపి గుంజి చూస్తారు.

ఆ అమ్మాయి హెడ్‌సెట్ ఆఫీసుకి తెప్పించి మల్టీమీటర్ పెట్టా, రెండు వేల ఓమ్‌ల రేంజిలో. పిన్ను లాప్‌టాప్‌లో లేనప్పుడే కొలవాలి, అది గుర్తుంచుకో. కొసకీ మూడో ముక్కకీ మధ్య ముప్పై రెండు ఓమ్‌ల చుట్టుపక్కల, రెండో ముక్కకీ మూడోదానికీ అంతే, అంటే రెండు చెవులూ బాగున్నాయి. మూడో ముక్కకీ నాలుగోదానికీ మధ్య, అదే మైక్, వెయ్యి దాటి చూపించింది, ఆ అంకె మైక్‌ని బట్టీ మీటర్‌ని బట్టీ మారుతుంది, మీటర్ తీగలు అటుదిటు మారిస్తే కూడా మారుతుంది కాబట్టి దాని గురించి పరేషాన్ కావద్దు, సున్నా కాకుండా, ఓపెన్ కాకుండా ఉంటే చాలు. ఇప్పుడు పిన్ను మెడ దగ్గర వైరు వంచుతుంటే ఒక వంపులో ఓపెన్ చూపిస్తోంది, ఇంకో వంపులో సున్నాకి పడిపోతోంది. మొదటిది వైరు తెగి విడిపోవడం, రెండోది పక్క వైరుకి తగలడం, పాటలు ఆగడానికి కారణం అదే. ఇలా కొలిచేటప్పుడు మ్యూట్ బుడిపె ఆన్ వైపే ఉందో లేదో ముందు చూస్కో, కొన్ని స్విచ్చులు మ్యూట్ చేసినప్పుడు మైక్‌ని గ్రౌండ్‌కి కలిపేస్తాయి, కొన్ని వైరు తెంచేస్తాయి, మ్యూట్‌లో ఉంచి కొలిస్తే మంచి హెడ్‌సెట్ కూడా పోయినట్టే కనిపిస్తుంది.

మెడ దగ్గరే ఎందుకు తెగుతుందంటే షిఫ్ట్ అయిపోయాక హెడ్‌సెట్‌ని లాప్‌టాప్‌కే ఉంచి మూత పక్కకి వైరు వంచి బ్యాగులో తోసేస్తారు, లేదా వైరు పట్టుకుని పీకుతారు. దీన్ని బాగుచెయ్యొచ్చు. మెడకి రెండు సెంటీమీటర్లు పైన కోసేసి కొత్త నాలుగు ముక్కల పిన్ను వేస్తాం, గుజరాతీ గల్లీలో దొరుకుతుంది, అక్కడ మూడు ముక్కల పిన్నులే ముందు చూపిస్తారు, గీతలు చూసి తీసుకో. లోపల వైర్లు జుట్టంత సన్నగా, రంగు లక్కతో ఉంటాయి, ఆ లక్క కరెంటుని ఆపుతుంది కాబట్టి సోల్డరింగ్ ఐరన్ కొసన బొట్టు టంకం పెట్టి అందులో వైరు కొసని కాసేపు ముంచి లక్క కాలిపోయి వెండిలా మెరిసేదాకా ఉంచాలి. ఇది చెయ్యకుండా అతికిస్తే చూడ్డానికి అతికినట్టే ఉంటుంది, పనిచెయ్యదు. రంగులు కంపెనీకో రకం, ఎరుపు చాలావరకు కుడి చెవి, మిగతావి మాత్రం ఊహించొద్దు, మీటర్‌తో తేల్చుకో. గ్రౌండ్ వైర్లు కొన్నిటిలో రెండు ఉంటాయి, ఒకటి చెవులది ఒకటి మైక్‌ది, రెండూ మూడో ముక్కకే. సోల్డరింగ్ అలవాటు లేకపోతే మొబైల్ రిపేర్ చేసేవాళ్ళకి ఇవ్వు, మైక్రోస్కోప్ కింద పనిచేసేవాళ్ళకి ఇది పావుగంట పని. మూడు నాలుగొందల హెడ్‌సెట్‌కి ఇదంతా దండగ, ఆ అమ్మాయిది మంచి రకం కాబట్టి చేశాం.

తిప్పినప్పుడు బార్ పడేవాళ్ళకి, అంటే హోల్ గొడవ ఉన్నవాళ్ళకి, ముందు ఇంకో మంచి హెడ్‌సెట్ అదే హోల్‌లో పెట్టి చూడమని చెప్తా. అది కూడా అలాగే ఉంటే లాప్‌టాప్ ఆఫ్ చేసి, సెల్‌ఫోన్ టార్చితో లోపలికి చూడు, జేబు నూలు, బ్యాగు దుమ్ము చివర్న గట్టిగా అణిగిపోయి పిన్ను పూర్తిగా పోనివ్వదు, పోనప్పుడు ముక్కలన్నీ ఒక మెట్టు పక్కకి జరుగుతాయి, మైక్ ముక్క సగం బయటే ఉంటుంది. చెక్క టూత్‌పిక్‌తో మెల్లగా లాగు, గుండుసూది మాత్రం పెట్టొద్దు, స్ప్రింగులు వంగిపోతాయి. తర్వాత పిన్నుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కొద్దిగా తడిపి పది సార్లు దూర్చి తీసి, ఆరనిచ్చి అప్పుడు ఆన్ చెయ్యి. తాళాలకి కొట్టే నూనె స్ప్రేలు దీంట్లో కొట్టొద్దు, జిడ్డు మిగిలి ఇంకా దుమ్ము పట్టుకుంటుంది. ఇంత చేసినా పిన్ను వదులుగా ఊగుతూ, చిన్నగా తగిలినా జారిపోతుంటే స్ప్రింగులు అరిగాయి, శుభ్రం చేస్తే రాదు. కొన్ని లాప్‌టాప్‌లలో ఆ హోల్ పక్కన యూఎస్‌బీతో కలిపి చిన్న విడి బోర్డు మీద ఉంటుంది, ఆ బోర్డు మార్చుకోవచ్చు, మదర్‌బోర్డు మీదే అతికి ఉంటే నేనైతే దాన్ని ముట్టుకోనివ్వను. యూఎస్‌బీ సౌండ్ కార్డ్ కొనమనేది ఇక్కడే, పాత హోల్‌తో పనే ఉండదు.

నీ విషయానికొస్తే శనివారమే వెళ్ళి స్ప్లిటర్ తెచ్చుకో, ఆదివారాన్ని నమ్ముకోకు, చాలా కొట్లు మూసి ఉంటాయి. తెచ్చాక ఇంటర్వ్యూ జరిగే అదే యాప్‌లో ఫ్రెండ్‌కి కాల్ చేసి ఒక ఐదు నిమిషాలు మాట్లాడు. అప్పటికీ రాకపోతే పింక్‌లో పెట్టినప్పుడు Not plugged in మారిందో లేదో, ఏది గీకితే బార్ కదిలిందో, ఈ రెండు ముక్కలూ రాయి, మిగతాది నేను చెప్తా.